ఉయ్యాల తొట్టి కింద తెల్లపొడి

మార్చి మొదటి వారంలో అటక మీంచి ఉయ్యాల తొట్టి దింపించాను. అమ్మాయికి అప్పటికి ఆరో నెల. ఏప్రిల్ ఆఖరులో పురిటికి తీసుకురావాలి, జూన్ ఆఖరుకి డాక్టరమ్మ చెప్పిన తేదీ. "ముందే తొట్టి కట్టకూడదే, బిడ్డ పుట్టాకే" అని అత్తయ్య గొణిగింది కానీ, "కట్టట్లేదత్తయ్యా, దులిపి పెడుతున్నానంతే" అని సర్దిచెప్పాను.

ఈ తొట్టి సంగతి కొంచెం చెప్పాలి. మా మామయ్యగారు పుట్టినప్పుడు వాళ్ల నాన్నగారు టేకుతో చేయించారట. కల్లూరు చుట్టుపక్కల అప్పట్లో టేకుకు కరువేముంది! అందులో మామయ్యగారు, ఆయన తమ్ముళ్లు, మావారు, ఆడపడుచు, తర్వాత మా పిల్లలిద్దరూ పడుకున్నారు. పైన అడ్డకర్రకి నాలుగు రంగుల చిలకలు వేలాడుతుంటాయి. మూడేళ్ల క్రితం ఆడపడుచు మనవరాలి కోసమని మా ఊరి వడ్రంగి తాతతో బాగు చేయించాం. అడుగున పదకొండు పట్టీలు విరిగిపోతే కొత్తవి వేశాడు. ఒక చిలక పోయిందని, మిగిలిన చెక్కముక్కతో తనే ఇంకో చిలకని చెక్కి రంగు వేసి తగిలించాడు. దానికి డబ్బులివ్వబోతే, "పిల్లకి నేనిచ్చిన బొమ్మ అనుకోండమ్మా" అన్నాడు. ఆ మరుసటి ఏడాదే పోయాడు పాపం.

సరే, తొట్టి దింపి వసారాలో పెట్టి పాతచీర తీశానా... కింద నేల మీద సన్నటి తెల్లపొడి! మైదాపిండి జల్లినట్టుంది. కర్రని చూస్తే నిండా చిల్లులు. గుండుసూది తలంత, కొన్ని అంతకన్నా సన్నవి. నాకు గుండె జారిపోయింది. పసిబిడ్డని పడుకోబెట్టే తొట్టి కదా మరి!

ఇక సలహాలు మొదలయ్యాయి. మావారు చూసి, "పుచ్చు పట్టింది. పొయ్యిలో పెట్టడమే. కొత్తది కొందాం" అన్నారు. ఎదురింటి వదిన కిరోసిన్ పొయ్యమంది. పెయింటు కొట్టే అబ్బాయి చెదల మందు సూదితో ఎక్కిస్తానన్నాడు. అన్నిటికన్నా భయం వేసింది మాత్రం వరసకి మరిది అయ్యే అతని మాటకి. ధాన్యంలో వేసే బిళ్ళలు నాలుగు పెట్టి, తొట్టిని పాలిథిన్ కవరులో చుట్టి గదిలో పెట్టమన్నాడు. అమ్మో! ఆ బిళ్ళలు గాలిలో తేమ తగిలితే విషవాయువు విడుదల చేస్తాయి. ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు పోయిన సంఘటనలున్నాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చెక్కకే కాదు, ఇంట్లో దేనికీ వద్దు.

ఏమీ తోచక మా అన్నయ్య కూతురికి ఫోన్ చేశాను. అది హైదరాబాదులో ఉంటుంది, పాత వస్తువులు పాడవకుండా కాపాడే చదువు చదివింది. ఫోటోలన్నీ చూసి ఒకటే ప్రశ్న అడిగింది: "అత్తా, పురుగు ఇప్పుడు ఉందా, ఎప్పుడో ఉండి పోయిందా? అది తెలియకుండా మందెందుకు?"

నిజమే కదా. చిల్లు కనపడగానే పురుగుందని అనుకుంటాం. కానీ అది చెప్పినదాని ప్రకారం, చిల్లు అంటే పురుగు బయటికి వెళ్లిపోయిన తలుపు. తల్లిపురుగు కర్ర మీదున్న సన్నటి రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలే నెలల తరబడి కర్రని తొలుచుకు తింటూ పెరిగి, రెక్కలొచ్చాక చిల్లు చేసుకుని ఎగిరిపోతుంది. కాబట్టి మనకి చిల్లు కనపడేసరికి ఆ పురుగు చేయాల్సిందంతా చేసి వెళ్లిపోయినట్టే. అది నిన్న వెళ్లిందా, నలభై ఏళ్ల క్రితం వెళ్లిందా అన్నదే తేల్చాలి. లోపల ఇంకా వెనకవాళ్లున్నారా అన్నది ఆ తర్వాతి మాట.

ముందు చెద కాదని తేల్చుకోమంది. చెద అయితే మట్టి తెస్తుంది, మట్టితో గొట్టాలు కడుతుంది, ఇలా శుభ్రమైన పొడి రాలదు. మా తొట్టిలో మట్టి జాడ లేదు. పిండిలాంటి పొడి, సన్నటి గుండ్రటి చిల్లు అంటే పుచ్చు పురుగే. ఇంగ్లీషులో పౌడర్‌పోస్ట్ బీటిల్ అంటారట, పొడి చేసే పురుగని.

తర్వాత ఒక్కో చిల్లునీ టార్చి వేసి దగ్గరగా చూడమంది. ఆ మధ్యాహ్నమంతా కళ్లజోడు పెట్టుకుని అదే పని. అప్పుడు తెలిసింది, చిల్లుల్లో రెండు రకాలున్నాయని! టేకు పక్కపట్టీల మీద ఉన్నవి అంచులు అరిగి మొద్దుబారి ఉన్నాయి. లోపల కూడా నల్లగా, దుమ్మూ పాత నూనె జిడ్డూ పేరుకుని ఉన్నాయి. ఒక దాంట్లో అయితే సాలీడు గూడే ఉంది. అడుగు పట్టీల మీద ఉన్నవి మాత్రం అంచులు సూదితో పొడిచినట్టు పదునుగా, లోపల అప్పుడే కోసిన కర్రలా లేత రంగులో ఉన్నాయి.

ఇంకో విచిత్రం. టేకు మీద చిల్లులన్నీ ఒక వైపు అంచునే ఉన్నాయి, లేత రంగు చార ఉన్నచోట. ఎర్రగా ఉన్న భాగంలో ఒక్కటీ లేదు. మనవాళ్లు "చేవ ఉన్న కర్ర" అంటారే, ఆ చేవ భాగాన్ని ఈ పురుగు ముట్టుకోదట. బెరడు పక్కనుండే తెల్లచెక్కలోనే దాని తిండి, అంటే పిండిపదార్థం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తెల్లచెక్కలో కూడా పిండి తగ్గిపోతుంది. అందుకే తొట్టి కొత్తగా ఉన్న రోజుల్లో తినగలిగినంత తిని వెళ్లిపోయి ఉంటాయి. డెబ్భై ఏళ్ల కర్రలో మళ్లీ పురుగు పట్టడం చాలా అరుదు అంది మేనకోడలు.

మరి పొడి ఎక్కణ్ణుంచి రాలింది? ఆ అడుగు పట్టీలు మామిడివి. తాత అటక మీదున్న మామిడి పలకలు కోసి వేశాడు. మామిడిలో చేవ తక్కువ, అదంతా పురుగుకి పంచభక్ష్యాలే.

"అనుమానం కాదత్తా, రుజువు కావాలి. ఐదు వారాలు ఆగు" అంది. ఎండలు ముదిరే ఈ రోజుల్లోనే పురుగులు బయటికి వస్తాయి కాబట్టి పరీక్షకి ఇదే మంచి సమయమట.

పరీక్ష ఇలా చేశాం. మెత్తటి పెయింటు బ్రష్షుతో చిల్లుల్లో పొడి దులిపి, వాక్యూమ్ క్లీనరుతో పీల్చేశాను. రంగు లేని కర్ర మీద చిల్లులున్న చోట సన్నటి టిష్యూ కాగితం ముక్కలు పల్చటి మైదా గంజితో అంటించాను. లోపల్నుంచి పురుగు వస్తే కాగితానికి కొత్త చిల్లు పడుతుంది. రంగు వేసిన చోట గంజి పెట్టొద్దంది, తీసేటప్పుడు రంగు లేచి వస్తుందట. అక్కడ చిల్లులు లెక్కపెట్టి ఫోనులో ఫోటో తీసుకున్నాను. నాలుగు చిలకల్నీ విప్పి, నాలుగు పారదర్శకమైన కవర్లలో నల్లకాగితం ముక్కతో సహా వేసి మూతి కట్టాను. తొట్టి కింద నల్లటి చార్టులు పరిచి ఏ పట్టీ కింద ఏ భాగమో చాక్‌పీసుతో గీతలు గీశాను. ఖాళీ తొట్టి వేలాడితే మంచిది కాదని అత్తయ్య అంటుంది కాబట్టి రెండు ఇటుకల మీద పెట్టాం. మొదటి రోజు లెక్క: టేకు మీద 41 చిల్లులు, మామిడి పట్టీల మీద 26, తాత చెక్కిన చిలక పొట్ట కింద 2. మిగిలిన మూడు చిలకలకీ చిల్లుల్లేవు.

మూడో రోజు పొద్దున్నే చూసి హడలిపోయాను. టేకు పట్టీ కింద చార్టు మీద కూడా పొడి! పరుగెత్తి ఫోన్ చేశాను. "రంగు చూడత్తా" అంది. గోధుమ రంగులో, చిన్న చిన్న ఉండలుగా ఉంది. అది పాతపొడట. లోపల సొరంగాల్లో ఏళ్ల తరబడి ఉన్నది, తొట్టిని కదిపినప్పుడల్లా రాలుతూనే ఉంటుంది. పురుగుందనడానికి పొడి ఒక్కటే సాక్ష్యం కాదన్నమాట. ఒకసారి తుడిచి, తొట్టిని ఎవరూ కదపకుండా చూసి, మళ్లీ అదే చోట పడుతుందా అన్నది చూడాలి. అలాగే చేశాం. టేకు కింద వారం తర్వాత పొడి ఆగిపోయింది. మామిడి కింద మాత్రం రోజూ, మీగడ రంగులో, మెత్తగా, వేళ్ల మధ్య నలిపితే టాల్కం పౌడరులా.

ఐదు వారాలకి లెక్క తేలింది. టేకు మీద కాగితాలు ఒక్కటీ చిరగలేదు, 41 చిల్లులు 41గానే ఉన్నాయి. మామిడి పట్టీల మీద కాగితానికి కొత్తగా 9 చిల్లులు పడ్డాయి. తాత చిలక కవర్లో చిటికెడు పొడి, రెండు సన్నటి పురుగులు. బియ్యపు గింజలో సగముంటాయేమో, ఎరుపు గోధుమ రంగులో పొడుగ్గా. ఇంత చిన్న ప్రాణి కోసం డెబ్భై ఏళ్ల తొట్టిని పొయ్యిలో పెట్టబోయాం!

అక్కడితో వైద్యం సగం తేలికైపోయింది. టేకుకి ఏ మందూ అక్కర్లేదు, లేని రోగానికి మందేంటి? మామిడి పట్టీలు పాతవీ కావు, గొప్పవీ కావు. పదకొండూ విప్పించి ఆ రోజే పెరట్లో కాల్చేశాం. కట్టెల దగ్గర పడేస్తే పురుగులు మళ్లీ ఎగిరొస్తాయి కదా. అటక మీద మిగిలిన మామిడి పలకలు కూడా చూస్తే అవీ పొడి రాలుస్తున్నాయి, అసలు పుట్ట అదే. అవీ పొయ్యిలోకి పోయాయి. కొత్త పట్టీలు పాత టేకు ద్వారబంధం చెక్కతో చేయించాను. వడ్రంగి అబ్బాయికి, "అంచున తెల్లచార ఒక్క వేలంత కూడా ఉండకూడదు నాయనా" అని దగ్గర కూర్చుని మరీ కోయించాను. "ఏంటమ్మా, బంగారం చూసినట్టు చూస్తున్నారు" అని నవ్వాడు. పచ్చి చెక్కకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పట్టించే పద్ధతి ఉందట, తలుపులకీ కిటికీలకీ బాగా పనిచేస్తుందట. కానీ బిడ్డ రేపు నోరు పెట్టి చీకే వస్తువు. చేవకర్ర దొరుకుతున్నప్పుడు మందు మాటెందుకని మానేశాం.

ఇక మిగిలింది తాత చిలక. మావారు, "అదీ కాల్చెయ్, పీడా పోతుంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. పోయిన మనిషి చేత్తో ఇచ్చింది. అలాగని లోపల పురుగుతో పసిదాని మీద వేలాడదీయలేను.

కిరోసిన్ ఎందుకు వద్దో అప్పుడు చెప్పింది మేనకోడలు. అది రంగుని కరిగిస్తుంది, మరక వదిలేస్తుంది, వాసన నెలల తరబడి పోదు. ఇంతా చేసి పైపైనే తడిసి ఆరిపోతుంది, లోపల సొరంగం చివర కూర్చున్న పురుగుని చేరదు. పోనీ మన మే నెల ఎండలో పెడదామా అంటే, పురుగు చావాలంటే కర్ర లోపలి దాకా 55 డిగ్రీల వేడి కాసేపు నిలవాలి. అంత వేడికి చెక్క పగులుతుంది, రంగు పొరలుగా లేస్తుంది, లక్క రంగైతే మెత్తబడుతుంది. మరి వేడి కుదరనిచోట? చలి! మ్యూజియాల్లో చిన్న చిన్న వస్తువులకి ఇదే చేస్తారట.

చిలకని పొడి గుడ్డలో చుట్టి, రెండు పాలిథిన్ కవర్లలో పెట్టి, గాలి నొక్కేసి, టేపు వేశాను. మైనస్ 18 డిగ్రీల్లో కనీసం రెండు వారాలు ఉండాలి. మా ఇంటి ఫ్రిజ్‌లో పైన ఐసు గది అంత చలికి రాదు, అందుకని ఐస్‌క్రీములమ్మే మా బంధువుల కొట్లో డీప్ ఫ్రీజరులో పెట్టించాం. మెల్లగా చల్లబడితే పురుగు చలికి అలవాటు పడిపోతుందట, అందుకే ముందే బాగా చల్లబడి ఉన్న ఫ్రీజరులో ఒక్కసారిగా పెట్టాలి. మధ్యలో ఒక రోజు మూడు గంటలు కరెంటు పోయింది. మూత తెరవలేదు కానీ అనుమానం ఎందుకని ఇంకో వారం ఉంచాం. అత్తయ్య రోజూ, "మీ చిలక్కి జలుబు చేయలేదు కదా" అని ఎగతాళి.

తీశాక ఆత్రపడకూడదు. కవరు విప్పకుండా ఒక రోజంతా బయట ఉంచాలి. వెంటనే విప్పితే గాలిలో తేమ చల్లటి చెక్క మీద నీటిబొట్లుగా చేరి రంగుని పాడుచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రంగు పెళుసుగా కూడా ఉంటుంది, నొక్కకూడదు. మర్నాడు విప్పితే చిలక చెక్కుచెదరలేదు, ఎర్రముక్కు ఎర్రగానే ఉంది.

చలి ఉన్న పురుగుని చంపుతుందే తప్ప రేపు రాబోయేదాన్ని ఆపదు. చూస్తే, చిలకకి పైనంతా రంగుంది, పొట్ట కిందా దారం కట్టే చిల్లు లోపలా లేదు. పురుగు గుడ్లు పెట్టింది సరిగ్గా అక్కడే. రంగో పాలిషో మైనమో ఉండి చెక్క రంధ్రాలు మూసుకుపోతే దానికి గుడ్డు పెట్టే చోటుండదు. అందుకని ఆ పచ్చిచెక్క మీద తేనెమైనం గట్టిగా రుద్ది గుడ్డతో మెరుగు పెట్టాను. టేకు మీద 41 చిల్లుల్నీ అదే మైనంతో పూడ్చాను. అందం కోసమే కాదు, ఇకమీదట ఒక్క కొత్త చిల్లు పడినా నా కంట పడాలని. స్పిరిట్‌తో చేసే లక్క పాలిష్ జోలికి పోలేదు, అది పాత రంగులకి తగిలితే కరిగిస్తుంది. ఇంకో జాగ్రత్త, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అందుకని చిలకల్ని బిడ్డ చేతికీ నోటికీ అందనంత ఎత్తులోనే కట్టాలనుకున్నాం.

పురుగు లేదని తేలింది, మరి కర్రకి బలం ఉందా? పుచ్చిన అంచుని గోనెసూదితో అక్కడక్కడా గుచ్చి చూశాను. తెల్లచార మీద ఒక చోట సూది దిగింది కానీ చేవ మీద అస్సలు దిగలేదు. బరువు మోసేది చేవే. అయినా మనసు ఊరుకోదుగా. 25 కిలోల బియ్యం బస్తా తొట్టిలో పెట్టి, గొలుసులు తగిలించి, ఒక రాత్రంతా వసారా దూలానికి వేలాడదీశాం. పొద్దున్నే చూస్తే ఒక్క చోట కూడా నెర్రె లేదు, కిర్రుమనలేదు. "ఖాళీగా లేదుగా, బియ్యముంది, పర్లేదు" అంది అత్తయ్య. ఆవిడ శాస్త్రం ఆవిడది!

మనవరాలు జూన్ 27న పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టిలో వేశాం. ముందు అత్తయ్య తన అలవాటు ప్రకారం పొత్రాన్ని పడుకోబెట్టి ఊపింది, తర్వాత పిల్లని. ఆ రోజు వడ్రంగి తాత భార్యని కూడా పిలిచాను. ఆవిడ అక్షింతలు వేసి, పైకి చూసి, "ఈ పచ్చది మా ఆయన చేసిందే కదమ్మా" అంది. అవునన్నాను. కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఫ్రీజరు సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఇప్పటికీ ప్రతి నెల ఒకటో తారీకున తొట్టి కింద నల్లకాగితం పరిచి, మర్నాడు తీసి వెలుతుర్లో చూస్తాను. వచ్చే ఎండాకాలం దాటేదాకా చూడమంది మేనకోడలు. నిన్ను కాగితం మీద దొరికింది ఒక్క మరమరాల గింజ, మా పెద్దాడపడుచు మనవరాలు తింటూ తింటూ పారేసిందే.

మీ ఇంట్లో కూడా అమ్మమ్మ పెట్టో, నానమ్మ పీటో చిల్లులు పడి ఉంటే, కిరోసిన్ డబ్బా అందుకునే ముందు ఒక నల్లకాగితం పరిచి చూడండి.